సంవత్సరాంతపు బ్యాంక్ రీకన్సిలియేషన్: తయారీ, తనిఖీ, కాలం చెల్లిన చెక్కుల లెక్క

ఏడాది చివరి రోజున బ్యాంకు స్టేట్‌మెంట్ చూపే నిల్వ, మన క్యాష్ బుక్ చూపే నిల్వ ఒకటే అవడం అరుదు. చెక్కు రాసిన రోజే మనం పుస్తకంలో చెల్లింపు రాసేస్తాం. ఆ చెక్కు తిరిగి తిరిగి తన దగ్గరికి వచ్చినప్పుడు గానీ బ్యాంకుకు సంగతి తెలియదు. బ్యాంకు కూడా మనకు చెప్పకుండానే ఛార్జీలు కోసుకుంటుంది, ఎవరో నేరుగా పంపిన డబ్బు జమ చేస్తుంది. ఈ తేడాను ఒక్కో పద్దుగా వివరిస్తూ రెండు నిల్వలను కలిపే పట్టికే బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్. వాడుకలో బీఆర్‌ఎస్.

తయారు చేయడం కష్టమేమీ కాదు. చిక్కంతా చివరి అంకె కలిసిన క్షణంలో ఉంది. టాలీ అయితే చాలు, ఫైల్లో పెట్టేస్తారు. కానీ తప్పు పద్దులతో కూడా బీఆర్‌ఎస్ పైసాతో సహా టాలీ అవుతుంది. ఎలా అవుతుందో, దాన్ని ఎలా పట్టుకోవాలో ఒకే ఉదాహరణతో మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. సంవత్సరాంతం మార్చి 31 అనుకుందాం. మీ లెక్కల సంవత్సరం డిసెంబర్ 31తో ముగిసినా పద్ధతి ఇదే.

మొదటి అడుగు: ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

మార్చి నెల బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటే సరిపోదు. ఏప్రిల్ మొదటి మూడు వారాల స్టేట్‌మెంట్ కూడా కావాలి. మార్చి 31న "ఇంకా క్లియర్ కాలేదు" అని మనం రాసుకున్న ప్రతి పద్దు నిజమో కాదో చెప్పేది ఆ కాగితమే. దాంతో పాటు ఫిబ్రవరి చివరి బీఆర్‌ఎస్, చెక్కు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు, బ్యాంకు ముద్ర ఉన్న పే ఇన్ స్లిప్పులు, చెక్కులు పంపిన రిజిస్టరు ఉండాలి.

స్టేట్‌మెంట్ బ్యాంకు నుంచి నేరుగా వచ్చిందే వాడండి. ఎవరో ఎక్సెల్‌లోకి ఎక్కించి ఇచ్చిన కాపీలో వరుసలు మాయమైనా, అంకెలు మారినా తెలియదు. సంవత్సరాంతపు నిల్వకు బ్యాంకు ఇచ్చే బ్యాలెన్స్ సర్టిఫికెట్ కూడా తీసుకుని, స్టేట్‌మెంట్ చివరి అంకెతో కలుస్తుందో లేదో చూడాలి.

రెండో అడుగు: టిక్కులు పెట్టడం

చాలామంది మార్చి 1 నుంచి మొదలుపెడతారు. అంతకంటే ముందు ఫిబ్రవరి బీఆర్‌ఎస్‌లో మిగిలిన పద్దులు తీసుకోండి. అవన్నీ మార్చి స్టేట్‌మెంట్‌లో కనబడాలి. కనబడనివి వేరే కాగితం మీద రాసుకోండి. రెండు నెలలు వరుసగా మిగిలిన పద్దు అంటేనే అక్కడ ఏదో కథ ఉన్నట్టు.

తర్వాత మార్చి నెల పద్దులు ఒక్కొక్కటిగా కలపాలి. కలిపేటప్పుడు మొత్తం ఒక్కటే చూడొద్దు, చెక్కు నంబరు కూడా చూడాలి. ప్రతి నెలా ఒకే మొత్తం చెల్లించే పద్దులుంటే, ఫిబ్రవరి చెక్కు క్లియరైన వరుసకు మార్చి చెక్కు టిక్కు పడిపోతుంది. అప్పుడు పాత చెక్కు పెండింగ్‌లో ఉన్నట్టుగా, కొత్తది క్లియరైనట్టుగా లెక్క తారుమారవుతుంది. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో బ్యాంకు తేదీ అనే గడి ఉంటే, అక్కడ స్టేట్‌మెంట్‌లో ఉన్న తేదీయే వేయాలి. పని తొందరలో వోచర్ తేదీనే బ్యాంకు తేదీగా కొట్టేస్తే పద్దు జాబితాలోంచి మాయమవుతుంది గానీ సమస్య మాయమవదు.

మూడో అడుగు: పుస్తకంలో లేనివి రాయడం

టిక్కులయ్యాక స్టేట్‌మెంట్‌లో మాత్రమే మిగిలినవి బీఆర్‌ఎస్‌లో వివరణగా చూపాల్సినవి కావు. అవి మన పుస్తకంలో పడాల్సిన ఎంట్రీలు. బ్యాంకు వాటిని మార్చిలోనే చేసింది కాబట్టి మనమూ మార్చి తేదీతోనే రాయాలి.

మన ఉదాహరణలో మార్చి 31న క్యాష్ బుక్ నిల్వ 4,82,600. బ్యాంకు స్టేట్‌మెంట్ నిల్వ 5,93,250. స్టేట్‌మెంట్‌లో ఉండి పుస్తకంలో లేనివి రెండు దొరికాయి: బ్యాంకు ఛార్జీలు 950, మనకు బాకీ ఉన్న ఒక ఖాతాదారు నేరుగా మన బ్యాంకు ఖాతాలో వేసిన 32,000. ఇవి కాక ఒక చెక్కు బ్యాంకులో 5,940కి క్లియరైతే పుస్తకంలో 9,540 అని పడింది. తేడా 3,600. తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే ముందుగా అంకెలు తారుమారయ్యాయేమో చూడండి. ఇలా పక్కపక్కనున్నవైనా దూరంగా ఉన్నవైనా, అంకెలు చోటు మారినప్పుడు తేడా ఎప్పుడూ 9 గుణిజమే అవుతుంది. అసలు చెక్కు కౌంటర్‌ఫాయిల్, బిల్లు రెండూ 5,940 అనే చెబుతున్నాయి కాబట్టి తప్పు మనదే, దిద్దాల్సింది మన పుస్తకాన్నే.

ఈ మూడు ఎంట్రీలయ్యాక పుస్తకం నిల్వ 5,17,250 అయింది.

నాలుగో అడుగు: మొదటి చిత్తు

ఇప్పుడు పుస్తకంలో మాత్రమే మిగిలిన పద్దులతో పట్టిక వేద్దాం. ఇచ్చిన చెక్కులు ఇంకా బ్యాంకుకు రాలేదంటే బ్యాంకు దగ్గర డబ్బు మన లెక్క కంటే ఎక్కువుంటుంది, కాబట్టి కలపాలి. మనం వేసిన చెక్కులు ఇంకా జమ కాలేదంటే బ్యాంకు దగ్గర తక్కువుంటుంది, కాబట్టి తీసేయాలి.

| వివరం | మొత్తం |
|---|---|
| పుస్తకం ప్రకారం నిల్వ | 5,17,250 |
| కలపాలి: చెక్కు 204311, ఆగస్టు 9 | 7,500 |
| కలపాలి: చెక్కు 204518, మార్చి 28 | 42,000 |
| కలపాలి: చెక్కు 204521, మార్చి 31 | 1,10,000 |
| తీసేయాలి: మార్చి 12న వేసిన చెక్కు | 18,500 |
| తీసేయాలి: మార్చి 30న వేసిన చెక్కు | 65,000 |
| బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రకారం నిల్వ | 5,93,250 |

టాలీ అయింది. అయినా ఈ ఐదు పద్దుల్లో మూడు తప్పు. పట్టిక కలవడం అంటే పుస్తకానికీ స్టేట్‌మెంట్‌కీ మధ్య ఉన్న తేడాలన్నీ జాబితాలోకి వచ్చాయని మాత్రమే అర్థం. వచ్చిన ప్రతిదీ నిజంగా "సమయం తేడా" అవునో కాదో పట్టికకు తెలియదు. అది మనం వెతికి తేల్చాలి.

ఐదో అడుగు: జమ కాని డిపాజిట్లు

డిపాజిట్ వేశాక జమ కావడానికి ఒకటి రెండు పనిదినాలు పట్టొచ్చు. మధ్యలో సెలవులొస్తే ఇంకాస్త. మార్చి 30న వేసిన 65,000 ఏప్రిల్ 2న అదే మొత్తంతో జమైంది, పే ఇన్ స్లిప్ మీద మార్చి 30 నాటి బ్యాంకు ముద్ర ఉంది. ఇదీ అసలైన సమయం తేడా. ఏప్రిల్ 2 అనే తేదీని బీఆర్‌ఎస్‌లో ఆ పద్దు పక్కనే రాసుకోండి. తర్వాత చూసే ఆడిటర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

ఇక మార్చి 12న వేసిన 18,500. పంతొమ్మిది రోజులైనా జమ కాలేదంటే ఆ మాట నమ్మడానికి లేదు. ఏప్రిల్ స్టేట్‌మెంట్‌లోనూ లేదు. మళ్లీ మార్చి స్టేట్‌మెంట్‌కే వెళ్లి ఆ మొత్తం కోసం వెతికితే రెండు వరుసలు దొరికాయి. మార్చి 14న 18,500 జమ, మార్చి 17న అదే 18,500 తిరిగి కోత, పక్కన చెక్కు వాపసు అన్న సూచన. చెక్కు బౌన్స్ అయింది. టిక్కులు పెట్టినవాళ్లు ఈ రెండు వరుసలూ ఒకదానికొకటి సరిపోయాయని రెండిటికీ టిక్కు కొట్టేశారు. దాంతో పుస్తకంలోని జమ ఒంటరిగా మిగిలిపోయి "జమ కాని డిపాజిట్" అయి కూర్చుంది. అంకెల పరంగా ఎక్కడా తేడా రాదు, అందుకే ఈ తప్పు నెలల తరబడి దొరక్కుండా ఉండిపోతుంది.

సరైన పద్ధతి ఏమిటంటే, స్టేట్‌మెంట్‌లోని జమను పుస్తకంలోని జమతో కలపాలి, కోతకు పుస్తకంలో కొత్త ఎంట్రీ రాయాలి: ఖాతాదారు ఖాతాకు డెబిట్, బ్యాంకు ఖాతాకు క్రెడిట్. అప్పుడు వాళ్ల బాకీ మళ్లీ తెరుచుకుంటుంది. పుస్తకంలో బాకీ తీరినట్టు ఉన్నంతకాలం వసూలు కోసం ఎవరూ ఫోన్ కూడా చేయరు. నా దృష్టిలో ఈ తప్పులో అసలు నష్టం అదే.

స్టేట్‌మెంట్‌లో ఒకే మొత్తం జమై, కొద్ది రోజుల్లో అదే మొత్తం పోయిన జంటలను ప్రత్యేకంగా వెతకడం మంచి అలవాటు.

ఈ జాబితాలో ఇంకో రెండు రకాలు దూరిపోతుంటాయి. మార్చి 31న చేతికొచ్చి, ఏప్రిల్ 3న బ్యాంకులో వేసిన చెక్కు "జమ కాని డిపాజిట్" కాదు. సంవత్సరాంతానికి అది మన బీరువాలో ఉంది కాబట్టి చేతిలో ఉన్న చెక్కులుగా విడిగా చూపాలి. చెక్కు మీద తేదీయే ఏప్రిల్‌ది అయితే మార్చిలో దాన్ని వసూలుగా రాయనే కూడదు. రెండోది నగదు. కౌంటర్లో వేసిన నగదు మామూలుగా అదే రోజు జమవుతుంది. నగదు డిపాజిట్ మూడు నాలుగు రోజులుగా "దారిలో ఉంది" అని కనబడితే అది బ్యాంకు ఆలస్యం కాదు. ముద్ర ఉన్న స్లిప్ అడగండి. వసూలైన నగదును ఎవరైనా వాడుకుని, తర్వాత వచ్చిన వసూళ్లతో వెనకటి లోటు పూడుస్తుంటే బయటపడేది సరిగ్గా ఇక్కడే.

ఆరో అడుగు: కాలం చెల్లిన చెక్కులు

చెక్కు మీద రాసిన తేదీ నుంచి కొంత గడువు దాటాక బ్యాంకు దాన్ని చెల్లించదు. దాన్నే స్టేల్ చెక్కు అంటారు. గడువు దేశాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలో రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం 2012 ఏప్రిల్ 1 నుంచి అది 3 నెలలు, అంతకుముందు 6 నెలలుండేది. అమెరికాలో 6 నెలలు దాటిన మామూలు చెక్కును చెల్లించాల్సిన బాధ్యత బ్యాంకుకు ఉండదు, కానీ తలచుకుంటే చెల్లించవచ్చు. అలాంటి చోట గడువు దాటిందని ఊరుకోకుండా, చెక్కు ఆపమని బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పడం క్షేమం.

లెక్క మొదలయ్యేది చెక్కు మీది తేదీ నుంచి. పుస్తకంలో ఎంట్రీ పడిన రోజు నుంచి కాదు. జాబితా పెద్దదైతే ఎక్సెల్‌లో B2లో చెక్కు తేదీ, F1లో సంవత్సరాంతపు తేదీ పెట్టి ఇలా చూడొచ్చు. గడువు 6 నెలలైతే 3 బదులు 6 వేయండి.

```
=IF(EDATE(B2,3)<$F$1,"STALE","OK")
```

మన ఆగస్టు 9 నాటి 7,500 చెక్కు 3 నెలల లెక్కనైనా 6 నెలల లెక్కనైనా మార్చి 31కి కాలం చెల్లినదే. అది ఇక బ్యాంకుకు వచ్చి డబ్బు తీసుకోలేదు. అలాంటప్పుడు "ఇంకా రావాల్సిన చెక్కు" అని బీఆర్‌ఎస్‌లో ఉంచడంలో అర్థం లేదు. చెల్లింపు జరగలేదు కాబట్టి పుస్తకంలో దాన్ని వెనక్కి తిప్పాలి: బ్యాంకు ఖాతాకు డెబిట్, ఆ చెక్కు ఎవరికిచ్చామో వారి ఖాతాకు క్రెడిట్.

ఇక్కడే చాలాచోట్ల ఒక పొరపాటు జరుగుతుంది. పాత చెక్కు కదా, ఎవరూ అడగలేదు కదా అని ఆ 7,500ను ఇతర ఆదాయంలోకి తోసేస్తారు. చెక్కుకు కాలం చెల్లింది గానీ అప్పుకు కాదు. సరఫరాదారు రేపు వచ్చి అడిగితే ఇవ్వాల్సిందే. బాకీని రద్దు చేయాలంటే అడిగే హక్కు చట్టప్రకారం పోయిందనో, వాళ్లే వదులుకున్నారనో ఆధారం ఉండాలి. ఎవరూ అడగని సొమ్మును ప్రభుత్వానికి అప్పగించాలని చట్టాలున్న చోట్ల అయితే అది మన ఆదాయం అయ్యే దారే లేదు.

ఎంట్రీ తిప్పే ముందు చెక్కు ఎందుకు రాలేదో కనుక్కోండి. సరఫరాదారు దగ్గర్నుంచి వాళ్ల ఖాతా స్టేట్‌మెంట్ తెప్పిస్తే చాలావరకు తేలిపోతుంది. పోస్టులో పోయి ఉండొచ్చు, వాళ్ల సొరుగులోనే ఉండిపోయి ఉండొచ్చు. మన ఉదాహరణలో జవాబు వేరే. చెక్కు అందలేదని వాళ్లు చెబితే అక్టోబర్‌లో అదే బిల్లుకు ఆన్‌లైన్‌లో 7,500 పంపారు, పాత చెక్కును రద్దు చేయడం మాత్రం మరిచారు. పుస్తకంలో ఒకే బిల్లుకు రెండు చెల్లింపులున్నాయి, సరఫరాదారు ఖాతా 7,500 డెబిట్ నిల్వ చూపుతోంది. చెక్కు ఎంట్రీ తిప్పగానే ఆ ఖాతా సున్నా అయింది. కొత్త చెక్కు ఇవ్వాల్సిన అవసరమే లేదు. ఈ విచారణ చేయకుండా పాత చెక్కు బదులు కొత్తది రాసిచ్చేస్తే ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు వెళ్లేది.

సంవత్సరాంతానికి ఇంకా గడువున్న చెక్కు, మనం లెక్కలు మూసేలోపు కాలం చెల్లితే? ఉదాహరణకు జనవరి 20 నాటి చెక్కు, 3 నెలల గడువు. మార్చి 31న అది చెల్లే చెక్కే, కాబట్టి బీఆర్‌ఎస్‌లో ఉండొచ్చు. వెనక్కి తిప్పే ఎంట్రీ ఏప్రిల్‌లో పడుతుంది. అది పోయిందని గానీ, ముందే వేరే రకంగా చెల్లించామని గానీ తెలిస్తే మాత్రం మార్చిలోనే దిద్దాలి.

ఏడో అడుగు: రాసి, ఇవ్వని చెక్కు

204518 ఏప్రిల్ 4న క్లియరైంది. వారం రోజుల ఆలస్యం మామూలే. 1,10,000 చెక్కు 204521 మాత్రం ఏప్రిల్ 16న వచ్చింది. పెద్ద మొత్తం, సంవత్సరాంతపు తేదీ, రెండు వారాలకు పైగా ఆలస్యం. ఈ మూడూ కలిస్తే పంపిన రిజిస్టరు తెరవాల్సిందే. తెరిస్తే చెక్కు బయటికి వెళ్లింది ఏప్రిల్ 12న అని ఉంది.

అంటే మార్చి 31న ఆ చెక్కు మన సొరుగులోనే ఉంది. చేతికివ్వని చెక్కు చెల్లింపు కాదు. 1,10,000ను బ్యాంకు నిల్వలోకి, సరఫరాదారుకు ఇవ్వాల్సిన బాకీలోకి తిరిగి తేవాలి, ఏప్రిల్ 12న మళ్లీ చెల్లింపుగా రాయాలి. లాభం మారదు కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. లాభం మారకపోయినా బ్యాలెన్స్ షీట్‌లో బాకీలు అంతమేర తక్కువగా కనబడతాయి, అప్పిచ్చేవాళ్లు చూసేది ఆ అంకెలనే. కావాలనే బాకీలు తగ్గించి చూపడానికి ఏడాది చివరి రోజున చెక్కుల కట్ట రాసిపెట్టుకోవడం కూడా ఉంది. చివరి తేదీతో వరుస నంబర్ల పెద్ద చెక్కులు కనబడితే ప్రతిదానికీ పంపిన తేదీ అడగండి.

ఎనిమిదో అడుగు: దిద్దిన బీఆర్‌ఎస్

5,17,250లోంచి బౌన్స్ అయిన 18,500 తీసేసి, కాలం చెల్లిన 7,500, ఇవ్వని చెక్కు 1,10,000 కలిపితే పుస్తకం నిల్వ 6,16,250.

| వివరం | మొత్తం |
|---|---|
| పుస్తకం ప్రకారం నిల్వ | 6,16,250 |
| కలపాలి: చెక్కు 204518 (ఏప్రిల్ 4న క్లియర్) | 42,000 |
| తీసేయాలి: మార్చి 30 డిపాజిట్ (ఏప్రిల్ 2న జమ) | 65,000 |
| బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రకారం నిల్వ | 5,93,250 |

ఇదీ టాలీ అయింది. బ్యాలెన్స్ షీట్‌లోకి వెళ్లాల్సిన బ్యాంకు నిల్వ 6,16,250. స్టేట్‌మెంట్‌లోని 5,93,250 కాదు, మొదటి చిత్తులోని 5,17,250 కూడా కాదు. మొదటి చిత్తుకూ దీనికీ మధ్య తేడా 99,000.

తనిఖీ చేసేవారికి

తయారు చేసినవారు కాకుండా, చెక్కులు రాసే పని, డబ్బు వసూలు చేసే పని లేని వేరొకరు తనిఖీ చేయాలి. వాళ్లు పట్టిక మొత్తాలను మళ్లీ కూడడంతో ఆగకుండా, పట్టికలోని పుస్తకం నిల్వను లెడ్జర్‌తో, బ్యాంకు నిల్వను సర్టిఫికెట్‌తో సరిచూడాలి. తర్వాత తిరగేసి వెళ్లాలి: ఏప్రిల్ స్టేట్‌మెంట్‌లో మార్చి తేదీ, మార్చి నంబర్ల చెక్కులు ఏవి క్లియరయ్యాయో చూసి, అవన్నీ బీఆర్‌ఎస్ జాబితాలో ఉన్నాయో లేదో వెతకాలి. జాబితాలో ఉన్నవాటినే పరీక్షిస్తే, జాబితాలోకి రానివి ఎప్పటికీ బయటపడవు.

రెండు మూడు బ్యాంకు ఖాతాలుంటే, ఏడాది చివరి వారంలో ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు జరిగిన బదిలీలను ఒకే కాగితం మీద పెట్టి చూడాలి. ఒక ఖాతాలో జమ మార్చి 31న రాసి, రెండో ఖాతాలో కోత ఏప్రిల్‌లో రాస్తే, ఒకే డబ్బు రెండు చోట్లా లెక్కకు వస్తుంది. ఏ ఖాతా బీఆర్‌ఎస్‌ను విడిగా చూసినా తప్పు కనబడదు.

"ఇతర తేడాలు" అనే పేరుతో చిన్న మొత్తం ఏదైనా ఉంటే సంతకం చేయొద్దు. వివరించలేని 200 వెనక, ఒకదాన్నొకటి కొట్టేసుకున్న రెండు పెద్ద తప్పులు ఉండొచ్చు.

బౌన్స్ అయిన 18,500 బాకీ గురించి ఒక పని మిగిలి ఉంటుంది. లెడ్జర్‌లో దాన్ని మళ్లీ తెరిచాక, అది వసూలవుతుందా అని మార్చి 31 నాటికే అంచనా వేయాలి. చెక్కు వాపసుకు బ్యాంకు చెప్పిన కారణం చూడండి. సంతకం తేడా అయితే కొత్త చెక్కు తెప్పించుకుంటే సరిపోతుంది. ఖాతాలో డబ్బు లేకపోవడం కారణమై, ఏప్రిల్ దాటినా చెల్లింపు రాకపోతే, ఆ మొత్తానికి రాని బాకీల కింద కేటాయింపు పెట్టాలా అన్నది లెక్కలు మూసేముందే తేల్చుకోవాలి.